మూడో ఏడు వచ్చే గొడవ: అక్కాతమ్ముళ్ల అప్పు, ఒక నోటు, ఒక ఉత్తరం

చేబదులు అనే మాట మనకు చాలా ఇష్టం. పక్కింటి నుంచి రెండు వేలు తెచ్చుకుని జీతం రాగానే ఇచ్చేస్తే అది చేబదులు. దానికి వడ్డీ ఉండదు, కాగితం ఉండదు. ఇబ్బంది ఎక్కడంటే, మూడు లక్షలు తీసుకున్నప్పుడు కూడా మనవాళ్లే కదా అని దాన్ని చేబదులనే పిలుస్తాం. అప్పు అంటే పరాయితనం అనిపిస్తుంది. పేరు మార్చినంత మాత్రాన అది అప్పు కాకుండా పోదు.

మా చుట్టాల్లో జరిగిన ఒక వ్యవహారం చెబుతాను. ఎవరో తెలియకుండా ఊరు, అంకెలు, తేదీలు మార్చాను. తమ్ముడు జిరాక్స్ షాపు పెట్టడానికి అక్కను మూడు లక్షలు అడిగాడు. అక్క తన ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసి 2022 జూన్ 12న ఇచ్చింది. బావ స్టేషనరీ షాపులో ప్రామిసరీ నోటు ఫారం కొనుక్కొచ్చాడు. తమ్ముడు రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టాడు. ఫారంలో వడ్డీ దగ్గర ఖాళీ అలాగే వదిలేశారు. "మన మధ్య వడ్డీ ఏంటి బావా" అని తమ్ముడు అన్నాడో, "అందరికీ ఉన్నదే, రూపాయి వడ్డీ" అని బావ అన్నాడో ఇప్పుడు ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఇద్దరూ తాము అన్నదే గుర్తు పెట్టుకున్నారు.

2023 దీపావళికి తమ్ముడు ఫోన్‌పేలో యాభై వేలు పంపాడు. అసలు కొంత తగ్గిందని అతని లెక్క. నూటికి రూపాయి చొప్పున మూడు లక్షలకు నెలకు మూడు వేల వడ్డీ. జూన్ 12 నుంచి ఆ దీపావళి దాకా సరిగ్గా పదిహేడు నెలలు, అంటే యాభై ఒక్క వేలు. బావ లెక్కలో ఆ యాభై వేలు వడ్డీకే చాలలేదు, ఇంకో వెయ్యి బాకీ మిగిలింది.

2025 మే నెలలో బావ ఫోన్ చేసి, నోటు తిరగరాయాలి, వచ్చి సంతకం పెట్టమన్నాడు. ఎంతకు అంటే 3,58,000కి అన్నాడు. తన దృష్టిలో తాను ఇవ్వాల్సింది 2,50,000 అని తమ్ముడు. తేడా 1,08,000. అది సరిగ్గా మూడేళ్ల వడ్డీ. అంటే గొడవ మొత్తం ఫారంలో వదిలేసిన ఆ ఒక్క ఖాళీ గురించే. కానీ వాళ్లు దాని గురించి పోట్లాడుకోలేదు. "నా మీద నమ్మకం లేక మళ్లీ సంతకాలు అడుగుతున్నారు" అని ఇతను, "మంచికి పోతే మా డబ్బే ముంచుతున్నాడు" అని ఆయన. ఆ ఏడు దసరాకు అక్క పుట్టింటికి రాలేదు.

ఇద్దరిలో మోసగాడు ఎవరూ లేరు. మే నెలలో బావ ఎందుకు కంగారు పడ్డాడో తమ్ముడికి తెలియదు. తెలిసి ఉంటే ఆ ఫోన్ అంత చేదుగా అనిపించేది కాదు.

సంగతేమిటంటే, నోటుకు వయసు ఉంటుంది. లిమిటేషన్ చట్టం ప్రకారం "మీరు కోరినప్పుడు చెల్లించగలవాడను" అని రాసిన నోటు మీద దావా వేయడానికి నోటు తేదీ నుంచి మూడేళ్లే గడువు. అది దాటితే కాలదోషం పట్టిందంటారు, పల్లెల్లో అయితే నోటు మురిగిపోయిందంటారు. కోరినప్పుడు అని ఉంది కదా, నేను కోరిన రోజు నుంచి లెక్క అని చాలామంది అనుకుంటారు. పొరపాటు. లెక్క నోటు రాసిన రోజు నుంచే నడుస్తుంది. అందుకే మూడో ఏడు ముగియబోతుంటే ఇచ్చినవాడికి టెన్షన్ మొదలవుతుంది. అప్పటిదాకా ఒక్క మాట అడగనివాడు ఒక్కసారిగా సంతకం అడుగుతాడు. తీసుకున్నవాడికి అది అనుమానంలా తగులుతుంది.

ఈ గడువును సాగదీయడానికి నోటు తిరగరాయక్కర్లేదు. గడువు ముగియకముందే కొంత సొమ్ము కట్టి, ఆ కట్టినట్టు నోటు వెనుక రాసి, కట్టినవాడు సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. దీన్నే చెల్లు వేయడం అంటాం. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. ఇచ్చినవాడే తన చేతిరాతతో "యాభై వేలు ముట్టినవి" అని రాసుకుని తన సంతకమే పెట్టుకుంటాడు. గడువు లెక్కకు అది పనికిరాదు. రాత గానీ సంతకం గానీ బాకీ ఉన్నవాడిది అయి తీరాలి. ఫోన్‌పే రికార్డు సొమ్ము వెళ్లినట్టు చూపిస్తుంది గానీ, చెల్లుకు బదులు అదొక్కటే చాలుతుందని ధీమాగా ఉండటం మంచిది కాదు. వాట్సాప్‌లో "ఇస్తాలే అక్కా" అన్న మెసేజ్ సంగతీ అంతే.

ఆ దీపావళి నాడు తమ్ముడు నోటు వెనుక రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి ఉంటే గడువు 2026 నవంబరు దాకా జరిగేది. 2025 మేలో ఎవరికీ ఫోన్ చేయాల్సిన పనే పడేది కాదు. ఆ యాభై వేలు అసలుకా వడ్డీకా అన్నదీ అదే రోజు తేలిపోయేది. కట్టేవాడు దేనికి జమ చేయాలో చెప్పకపోతే, బాకీలో దేనికి జమ చేసుకోవాలో ఎంచుకునే వీలు కాంట్రాక్టు చట్టం పుచ్చుకునేవాడికి ఇస్తుంది. మన ఆనవాయితీలోనూ ముందు వడ్డీ, తర్వాత అసలు. కాబట్టి వడ్డీ ఉందా లేదా అన్నది పక్కన పెడితే, జమ విషయంలో బావ లెక్క అన్యాయమేమీ కాదు.

ఇక ఆ ఖాళీ సంగతి. వడ్డీ రాయకపోతే వడ్డీ లేనట్టే అని తమ్ముడి ధీమా. కానీ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (1881) 80వ సెక్షన్, నోటులో వడ్డీ రేటు రాయకపోతే, సొమ్ము చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాదికి 18 శాతం అంటుంది. అంటే రూపాయిన్నర వడ్డీ. వ్యవహారం కోర్టుకెక్కితే బావ అడిగిన దానికంటే ఎక్కువే అడగడానికి దారి ఉందన్నమాట. పైగా స్టాంపు అంటించి సంతకం పెట్టి ఖాళీలు వదిలేసిన ఫారం ఇస్తే, వాటిని పూరించుకునే అధికారం ఇచ్చినట్టే అని అదే చట్టం చెబుతుంది. వడ్డీ వద్దనుకుంటే "వడ్డీ లేదు" అని అక్షరాలా రాయాలి. ఖాళీగా ఉన్న ప్రతి చోటా ఒక గీత కొట్టాలి.

నా మటుకు నేను అయినవాళ్ల మధ్య కూడా కొంత వడ్డీ ఉండటమే మేలంటాను. అక్క తీసిన డిపాజిట్ మీద బ్యాంకు ఏడు శాతం ఇస్తోందనుకుందాం. నూటికి నెలకు అరవై పైసలు పెట్టుకుంటే ఏడాదికి 7.2 శాతం అవుతుంది. మూడు లక్షలకు నెలకు 1,800. అక్క నష్టపోదు, లాభం చేసుకున్నట్టూ ఉండదు. బయట తెచ్చుకుంటే రెండు రూపాయల వడ్డీకి నెలకు ఆరు వేలు కట్టాల్సిన తమ్ముడికి ఇది కొండంత సాయం. వడ్డీ లేని అప్పులో డబ్బులు ఇవ్వకపోయినా పైకి లెక్క పెరగదు, లోపల మాత్రం ఉపకారం బరువు పెరుగుతూ ఉంటుంది. ఎప్పుడో ఒక పెళ్లిలో అది మాటగా బయటపడుతుంది.

ఇప్పుడు అదే మూడు లక్షలు, అదే 2022 జూన్ 12, పని సరిగ్గా చేసి ఉంటే ఎలా ఉండేదో చూద్దాం. దీనికి రెండు కాగితాలు కావాలి. ఒకటి కోర్టుకు అర్థమయ్యేది, రెండోది ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేది.

మొదటిది నోటు. షాపులో దొరికే ఫారం చాలు. అందులో "రొక్కముగా పుచ్చుకున్న" అని అచ్చేసి ఉంటుంది. సొమ్ము బ్యాంకు ద్వారా ఇస్తారు కాబట్టి ఆ ముక్క కొట్టేసి, "మీ ఖాతా నుండి నా ఖాతాకు నెఫ్ట్ ద్వారా అందుకున్న" అని రాసి, లావాదేవీ నంబరు వేసి, కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టాలి. బ్యాంకు ద్వారానే ఎందుకంటే, ఇరవై వేలు గానీ అంతకు మించి గానీ అప్పు నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. జరిమానా అప్పు మొత్తమంత పడవచ్చు, అదీ తీసుకున్నవాడికి. తిరిగి కట్టేటప్పుడు కూడా ఇదే నిబంధన. అక్కాతమ్ముళ్లని మినహాయింపు లేదు. ఇద్దరిదీ వ్యవసాయ ఆదాయమే అయి, పన్ను కట్టాల్సిన ఆదాయం ఇద్దరికీ లేకపోతేనే మినహాయింపు. జిరాక్స్ షాపు వాడికి అది వర్తించదు.

నోటు ఎవరి పేరున అన్నదీ చూసుకోవాలి. డబ్బు అక్క ఖాతా నుంచి వెళ్లి, నోటు బావ పేరున ఉంటే, రేపు అసలు ఇచ్చిందెవరన్న ప్రశ్న వస్తుంది. ఎవరి ఖాతా నుంచి వెళితే వారి పేరునే రాయాలి. సాక్షుల సంతకాలు లేకపోయినా నోటు చెల్లుతుంది. అయినా ఇద్దరిని పెట్టుకోవడం మన పద్ధతి, అది మంచి పద్ధతే. నేనైతే ఒక సాక్షిగా తమ్ముడి భార్యను పెట్టమంటాను. మూడు లక్షలు తెచ్చిన సంగతి ఆమెకు రెండేళ్ల తర్వాత తెలిస్తే ఆ ఇంట్లో ఇంకో గొడవ. పైగా మనిషికి ఏమైనా అయితే, అతని ఆస్తి అందుకున్న వారసులు ఆ ఆస్తి మేరకు ఈ బాకీకి కూడా బాధ్యులవుతారు. వాళ్లకు తెలిసి ఉండటం న్యాయం.

రెవెన్యూ స్టాంపు మీద సంతకం అడ్డంగా పడాలి, స్టాంపును దాటి కాగితం మీదికి రావాలి. ఇది లాంఛనం అనుకోకండి. మామూలు అగ్రిమెంటుకు స్టాంపు తక్కువైతే తర్వాత పెనాల్టీ కట్టి సరిచేసుకోవచ్చు. ప్రామిసరీ నోటుకు ఆ అవకాశం లేదు. స్టాంపు లేని నోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, పెనాల్టీ కట్టినా తీసుకోదు.

ఇంకో చిక్కు. నెలకు ఇంత, ఫలానా తేదీకి ఇంత అని వాయిదాలన్నీ నోటులోనే రాద్దామనిపిస్తుంది. రాయకండి. అడిగినప్పుడు ఇచ్చే నోటుకు ఒక స్టాంపు లెక్క, గడువు పెట్టిన నోటుకు ఇంకో లెక్క. గడువు పెట్టిన నోటుకు సొమ్మును బట్టి సుంకం పెరుగుతుంది, రూపాయి రెవెన్యూ స్టాంపు సరిపోదు. సదుద్దేశంతో రాసిన వాయిదాల వల్లే నోటు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకే నోటును ఫారంలో ఉన్నట్టే కోరినప్పుడు చెల్లించేదిగా ఉంచి, ఇంటి మాటలన్నీ రెండో కాగితంలో పెట్టాలి.

రెండో కాగితం ఒక ఉత్తరం. తీసుకున్నవాడు రాయాలి, ఇచ్చినవాడు అడగకముందే రాయాలి. ఇచ్చేవాడు కాగితం తెస్తే అది షరతు అవుతుంది. తీసుకునేవాడు తెస్తే మర్యాద అవుతుంది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసేవాళ్లున్నారు, అదీ మంచిదే. తమ్ముడి ఉత్తరం దాదాపు ఇలా ఉండొచ్చు:

"అక్కకు, ఈ రోజు నీ ఖాతా నుంచి నాకు మూడు లక్షలు వచ్చాయి. దీనికి వేరుగా నోటు రాసిచ్చాను. వడ్డీ నూటికి నెలకు అరవై పైసలు, మిగిలిన అసలు మీద మాత్రమే, వడ్డీ మీద వడ్డీ లేదు. మొదటి మూడు నెలలు షాపు నిలదొక్కుకునే దాకా వడ్డీ 1,800 మాత్రమే పంపుతాను. అక్టోబరు 12 నుంచి ప్రతి నెలా అసలులో పది వేలు, దాంతోపాటు వడ్డీ పంపుతాను. ఏ నెలైనా కుదరకపోతే పదో తేదీలోపు నేనే చెబుతాను, నువ్వు అడిగేదాకా ఆగను. వరసగా రెండు నెలలు తప్పితే షాపు లెక్కలు తీసుకుని మీ ఇంటికి వచ్చి కూర్చుంటాను. ప్రతి సంక్రాంతికి నోటు వెనుక చెల్లు రాసి సంతకం పెడతాను. నీకు మధ్యలో పెద్ద అవసరం పడితే మూడు నెలల ముందు చెప్పు, మిగిలినదంతా సర్దుతాను. ఈ సంగతి బావకు, నా భార్యకు తెలుసు. ఇంకెవరికీ చెప్పాల్సిన పని లేదు."

కింద ఇద్దరి సంతకాలు. ఇద్దరి దగ్గరా ఒక్కో కాపీ.

లెక్క చూడండి. నాలుగో నెల 11,800, ఐదో నెల 11,740, ఇలా నెలకు అరవై రూపాయలు తగ్గుతూ వస్తుంది. ముప్పై వాయిదాల తర్వాత, 2025 మార్చి 12న, ఆఖరి వాయిదాతో తీరిపోతుంది. మొత్తం వడ్డీ 33,300. నోటుకు మూడేళ్లు నిండేది జూన్ 12న కాబట్టి మూడు నెలలు మిగిలే ఉంటాయి. మధ్యలో రెండు నెలలు తప్పినా గడువు లోపలే పని అవుతుంది. వాయిదాలు అలా కుదుర్చుకోవడం కావాలని చేసిందే. మూడేళ్లు దాటేలా వాయిదాలు పెట్టుకుంటే సంక్రాంతి సంతకం మరీ ముఖ్యం. ఉత్తరంలో వాయిదాలున్నాయి కదా అని గడువు లెక్క మార్చుకోకండి. క్షేమంగా ఉండాలంటే నోటు తేదీ నుంచి, లేదా చివరి చెల్లు తేదీ నుంచే లెక్కపెట్టుకోవాలి.

సంక్రాంతి అని ఎందుకన్నానంటే, అక్క ఎలాగూ పుట్టింటికి వస్తుంది. నోటు సంచిలో పెట్టుకొస్తుంది. భోజనాలయ్యాక తమ్ముడు వెనుక వైపు రాస్తాడు: "15-1-2023. ఈ నోటు అసలులో ఇంతవరకు రూ. 40,000 జమ. నేటివరకు వడ్డీ ముట్టచెప్పాను. మిగిలిన అసలు రూ. 2,60,000." కింద సంతకం. రెండు నిమిషాల పని. ప్రతి ఏడూ జరిగేదాన్ని ఎవరూ అనుమానం అనుకోరు. మూడేళ్లకొకసారి హఠాత్తుగా అడిగితేనే అలా అనిపిస్తుంది.

ఇచ్చేవాళ్లకూ ఒక మాట. నోటుతోపాటు ఖాళీ చెక్కు కూడా తీసుకోమని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి ఇంట్లో ఉంటారు. చెక్కు బౌన్సైతే అది క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా జైలు శిక్ష పడే వీలుంది. తమ్ముడి మీద ఎప్పటికీ వాడననుకున్న ఆయుధాన్ని బీరువాలో పెట్టుకోవడం దేనికి? వాడతాననుకుంటే అసలు అప్పే ఇవ్వకండి. అడిగింది మూడు లక్షలే అయినా, పోయినా తట్టుకోగలిగింది లక్షే అనిపిస్తే లక్షే ఇవ్వండి.

కథలోని తమ్ముడిలా ఇప్పటికే చిక్కుల్లో పడ్డవాళ్లుంటే, గడువు లోపలైతే ముందు లెక్క మీద కూర్చోండి, సంతకం మీద కాదు. వడ్డీ రేటు, ఇచ్చిన యాభై వేలు దేనికి జమ, ఈ రెండూ తేలితే మిగిలిన అసలు దానంతట అదే తేలుతుంది. నోటు తిరగరాయాల్సి వస్తే పాత వడ్డీని అసలులో కలిపి రాస్తున్నారేమో చూసుకోండి. 3,58,000కి రాస్తే వడ్డీ మీద వడ్డీ మొదలై, రూపాయి వడ్డీకే నెలకు 3,580 అవుతుంది. పాత వడ్డీ వేరుగా, అసలు వేరుగా ఉంచమని అడగడంలో తప్పు లేదు. కొత్తది రాయగానే పాత నోటు రద్దు చేసి వెనక్కి తీసుకోవాలి, లేకపోతే ఒకే అప్పుకు రెండు నోట్లు తిరుగుతుంటాయి. గడువు దాటిపోయి ఉంటే, బాకీ తీరుస్తానని సంతకం పెట్టి కొత్తగా రాసిస్తే కాంట్రాక్టు చట్టం ప్రకారం అది చెల్లుతుంది. రాయాలా వద్దా అన్నది అప్పుడు పూర్తిగా తీసుకున్నవాడి చేతిలో ఉంటుంది.

మా చుట్టాల వ్యవహారం చివరికి 2,90,000 దగ్గర తెగింది. మధ్యలో ఒక చిన్నాన్న కూర్చున్నాడు. ఆఖరి సొమ్ము వెళ్లిన రోజు అక్క నోటు వెతికితే దొరకలేదు. ఇల్లు మారినప్పుడు ఎక్కడో కలిసిపోయింది. బావ ఒక కాగితం మీద "ఫలానా తేదీ నోటు బాకీ పూర్తిగా ముట్టినది, నోటు ఇకపై దొరికినా చెల్లదు" అని రాసి, కింద అక్క చేత సంతకం పెట్టించాడు. తమ్ముడు దాన్ని లామినేషన్ చేయించాడు, షాపు తనదే కాబట్టి ఖర్చు కూడా కాలేదు.